మిరప పూలలోని సన్న పురుగును ఫోటో చూసి గుర్తుపట్టాలంటే: తీసే పద్ధతి, రాయాల్సిన వివరం

ప్రశ్న: మాది మేడికొండూరు దగ్గర. మిరప పూలలో సన్నగా, నల్లగా పురుగులు తిరుగుతున్నాయి. ఫోన్‌తో ఫోటో తీసి తెలిసిన శాస్త్రవేత్త గారికి వాట్సాప్‌లో పంపితే "దీంట్లో ఏమీ కనిపించట్లేదు, సరిగ్గా తీసి పంపండి" అన్నారు. సరిగ్గా అంటే ఎలా తీయాలండీ? ఫోటోతో పాటు ఏం రాసి పంపాలి?

సమాధానం:

ముందు ఒక చిన్న లెక్క చూడండి. మిరప పూలలో ఉండే తామర పురుగు బాగా ఎదిగినా సుమారు 1 మి.మీ. పొడవే ఉంటుంది. మామూలు ఫోన్ కెమెరాను ఫోకస్ కుదిరేంత దగ్గరికి తీసుకెళ్లినా ఫోటోలో దాదాపు 10 సెం.మీ. మేర పడుతుంది. ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లు అనుకుంటే పురుగు వాటాకి వచ్చేది 40. దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది సుమారు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది, అప్పుడు పురుగుకి మిగిలేది 16 పిక్సెళ్లు. 16 చుక్కల్లో మీసం ఏదో, కాలు ఏదో, రెక్క ఏదో ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా చెప్పలేరు. తర్వాత ఎంత జూమ్ చేసి చూసినా లేని చుక్కలు పుట్టవు.

అందుకని ఈ పురుగుకి కెమెరా ముందు అద్దం తప్పనిసరి. బంగారు పనివాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం గానీ, ఫోన్‌కి క్లిప్‌తో తగిలించే మాక్రో లెన్స్ గానీ చాలు. 10 రెట్లు పెద్దగా చూపే అద్దంతో ఫోటోలో సుమారు 35 మి.మీ. మేర పడుతుంది, పురుగుకి 115 పిక్సెళ్లు దాకా వస్తాయి. 20 రెట్ల అద్దంతో 17 మి.మీ. మేరే పడుతుంది కాబట్టి 230 పిక్సెళ్లు వస్తాయి. పచ్చపురుగుకో, పెంకు పురుగుకో 10 రెట్లది సరిపోతుంది గానీ తామర పురుగుకి 20 రెట్లదే తీసుకోండి. అద్దం మీద 60 అనో 100 అనో రాసి ఉన్న చవక రకాలను నమ్మకండి. నిజమైన శక్తి తెలియాలంటే మిల్లీమీటర్ల స్కేలును ఫోటో తీసి, అంచు నుంచి అంచుకి ఎన్ని గీతలు పడ్డాయో లెక్కపెట్టండి. 17 పడితే మీ దగ్గర ఉన్నది 20 రెట్ల అద్దమే.

అద్దం తగిలించాక ఫోన్‌లో ప్రధాన కెమెరా, అంటే 1x అని చూపించేది, వాడండి. కొన్ని ఫోన్లు దగ్గరి వస్తువు కనపడగానే వాటంతట అవే వెడల్పు కెమెరాకి మారిపోతాయి. అప్పుడు మీరు అద్దం పెట్టింది ఒక కన్నుకి, ఫోటో తీసేది ఇంకో కన్ను అవుతుంది. సెట్టింగుల్లో ఆటో మాక్రో అని ఉంటే ఆపేయండి. అద్దం మీద వేలు పెట్టి చూడండి. తెర మొత్తం మసకబారితే సరైన కన్ను మీదే ఉన్నట్టు.

పురుగును పట్టడం, కదలకుండా చేయడం

పొలంలో పూవు మీదే తీయాలని చూస్తే పురుగు రేకుల మడతల్లోకి దూరిపోతుంది, గాలికి పూవు ఊగుతుంది. పొలంలో తీయాల్సిన ఫోటోలు వేరు, వాటి సంగతి తర్వాత చెప్తాను. పురుగు ఫోటోని మాత్రం ఇంటికి తెచ్చి నిదానంగా తీయండి.

మంచు ఆరాక, అంటే చలికాలంలో ఉదయం 8:30 - 10 మధ్య, పొలంలో అడ్డంగా నడుస్తూ 10 మొక్కల నుంచి బాగా విచ్చిన పూలు ఒక్కొక్కటి కోయండి. ఒక్కో పూవును ఒక్కో చిన్న జిప్ కవర్‌లో వేసి మూయండి, ఎందుకంటే తర్వాత పూవుకి ఎన్నో లెక్క రాయాలి. గట్టు పక్క మొక్కలే కోస్తే లెక్క ఎక్కువగా గానీ తక్కువగా గానీ వస్తుంది, లోపలికి వెళ్లండి. మంచు తడి ఉండగా కోస్తే పురుగులు కవర్ గోడలకి అంటుకుని రెక్కలు నలిగిపోతాయి. చిగురాకుల్లో కూడా పురుగులు ఉంటే అవి వేరే కవర్‌లో వేసుకోండి. పూలలోవీ చిగుళ్లలోవీ ఒకే జాతి కాకపోవచ్చు, కలిపేస్తే మళ్లీ విడదీయడం ఎవరి వల్లా కాదు.

మందు కొట్టక ముందే కోయాలి. కొట్టి రెండు రోజులైన పురుగు ముడుచుకుని ఎండిపోతుంది, రంగు మారుతుంది, మీసాలు విరుగుతాయి. అప్పటికే కొట్టేసి ఉంటే మందు అందని మూల మొక్క కోసం వెతకండి. అదీ లేకపోతే ఏ మందు, ఎప్పుడు కొట్టారో రాయండి.

కవర్లను మామూలు ఫ్రిజ్‌లో 10 - 15 నిమిషాలు పెడితే పురుగులు చలికి మందగిస్తాయి. అవి చావలేదు, ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ పరుగెత్తుతాయి. ఆ లోపు నాలుగైదు ఫోటోలే వస్తాయి. పూర్తిగా కదలకుండా కావాలంటే డీప్ ఫ్రీజర్‌లో అరగంట ఉంచండి. ఇక్కడొక చిక్కుంది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, చల్లని కవర్ బయటికి తీసి వెంటనే తెరిస్తే పురుగు మీద సన్నని నీటి బిందువులు పడతాయి. ఫోటోలో అవి తెల్ల మచ్చల్లా మెరిసి, నిపుణుడు వాటిని రంగు మచ్చలనుకునే ప్రమాదం ఉంది. చిన్న టిష్యూ ముక్క కవర్‌లో ముందే వేసి, బయటికి తీశాక 5 నిమిషాలు మూసే ఉంచి, అప్పుడు తెరవండి.

తెరిచిన పూవును తెల్ల కాగితం మీద పట్టుకుని వేలితో ఐదారు సార్లు తట్టండి. లోపల మిగిలినవాటి కోసం పూవును చీల్చి చూడండి. పురుగును జరపడానికి బొమ్మలు గీసే సున్నా నంబరు బ్రష్ వాడండి, కొన తడిపి తాకిస్తే అదే అంటుకుంటుంది. పిన్నుతో, అగ్గిపుల్లతో జరిపితే కాళ్లు పోతాయి.

ఫోన్‌ను నిలబెట్టడం

చాలామంది ఫోటోలు మసకగా రావడానికి కారణం చెయ్యి వణకడం ఒక్కటే కాదు. 20 రెట్ల అద్దంతో ఒకేసారి పదునుగా కనిపించే లోతు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే, దాదాపు తల వెంట్రుక మందం. పురుగు తల వైపు అంత మాత్రం పైకి లేచినా తల పదునుగా ఉంటే తోక మసకబారుతుంది. కాబట్టి ఫోన్ కాగితానికి సమాంతరంగా ఉండి తీరాలి.

ఒకే ఎత్తున్న నోటు పుస్తకాల దొంతరలు రెండు పెట్టి, మధ్యలో అద్దం కిందికి వచ్చేలా ఫోన్‌ను వాటి మీద పడుకోబెట్టండి. 20 రెట్ల అద్దానికి పురుగు సుమారు 12 మి.మీ. దూరంలో ఉండాలి. ఆ తర్వాత ఫోన్ ఫోకస్‌కి ఉన్న వెసులుబాటు ఒకటి, ఒకటిన్నర మి.మీ. మాత్రమే. అంతకు మించి తేడా ఉంటే తెర మీద ఎన్నిసార్లు తాకినా ఫోకస్ కుదరదు. ఫోన్‌ను కదపకండి. పురుగున్న కాగితం కిందికి పోస్టు కార్డులో, పెళ్లి పత్రిక అట్టలో ఒక్కొక్కటిగా దోపుతూ పురుగును పైకి లేపండి. ఒక దగ్గర అది తేటగా కనిపిస్తుంది. అప్పుడు పురుగు మీద తెరను తాకితే మిగిలిన సర్దుబాటు ఫోన్ చేసుకుంటుంది. తలపై ఫోకస్ చేసి రెండు, రొమ్ముపై రెండు, పొట్ట చివర రెండు తీయండి. వేలు ఆనిన కదలిక పడకుండా 2 లేదా 3 సెకన్ల టైమర్ పెట్టుకోండి.

వెలుతురు మరో కష్టం. అద్దం పురుగుకి 12 మి.మీ. దూరంలో ఉన్నప్పుడు ఫోన్ నీడ దాని మీదే పడుతుంది. ఫోన్ ఫ్లాష్ పనికిరాదు. అద్దం దాన్ని అడ్డుకుంటుంది, తప్పించుకుని వచ్చింది పురుగు వీపు మీద తెల్లగా మెరుస్తుంది. పగటి పూట కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట పెట్టుకుని, కిటికీకి ఎదురు వైపు తెల్ల కాగితం మడిచి నిలబెట్టండి. అది వెలుతురును రెండో పక్కకి తిప్పి కొడుతుంది. చాలకపోతే ఇంకో ఫోన్ టార్చిని టిష్యూ కాగితంలోంచి పక్కనుంచి వేయండి. పసుపు బల్బు కింద, ఆకుపచ్చ షేడ్ నెట్ కింద, నీలం పట్టా కింద అసలు తీయకండి. ఈ పురుగు విషయంలో కాళ్ల రంగే సగం ఆధారం, ఆ వెలుతురులో అదే పోతుంది.

తెల్ల కాగితం మీద నల్ల పురుగును తీస్తే ఫోన్ కాగితాన్ని చూసి వెలుతురు తగ్గించేస్తుంది, పురుగు నల్లని నీడలా మిగులుతుంది. పురుగు మీద తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరపండి. కాగితం కాస్త వెలిసిపోయినట్టు కనిపించినా ఫరవాలేదు, పొట్టపై పట్టీలు విడివిడిగా కనపడాలి. లేత బూడిద రంగు అట్ట దొరికితే ఈ బాధ ఇంకా తగ్గుతుంది. రంగులు పెంచే ఫిల్టర్లు, అందంగా మార్చే మోడ్‌లు ఆపేయండి. అవి లేని గీతను ఉన్నట్టు, ఉన్న వెంట్రుకను లేనట్టు చూపిస్తాయి.

తీశాక తెర మీద పెద్దది చేసి ఒక్కటి చూసుకోండి. తామర పురుగు రెక్కలు సన్నని పుల్లల్లా ఉండి అంచుల వెంట పొడవాటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. ఆ కుచ్చు కనిపిస్తే మీ ఫోటో పంపదగిందే. కనిపించకపోతే ఇంకా తీయాలి.

ఏ భాగాలు కనిపించాలి, ఎందుకు

ఇప్పుడు అసలు విషయం. మీరు చెబుతున్న చోట, ఈ పంటలో, పూలలో నల్లగా తిరిగేవాటిని చూడగానే నిపుణుడి మనసులో నాలుగు అవకాశాలు ఉంటాయి. ఫోటో పని వాటిని ఒక్కొక్కటిగా కొట్టేయడం.

మొదటిది, 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు, శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పినస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ జాతిని మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఆడ పురుగు పైనుంచి చూస్తే తల, రొమ్ము గోధుమ రంగు, పొట్ట అంతకంటే ముదురు, దాదాపు నలుపు. కాళ్లు మాత్రం పసుపు. ముడిచిన రెక్కలు ముదురుగా ఉండి, మొదలు దగ్గర లేతగా ఉంటుంది, రొమ్ము వెనక ఒక లేత రంగు పట్టీలా కనిపిస్తుంది. మగవి ఇంకా చిన్నవి, పసుపు రంగువి. ఒకే పూవులో నల్లవీ పసుపువీ కనపడితే రెండు రకాల పురుగులున్నాయని వెంటనే తేల్చేయకండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక ఫోటో తీయండి.

రెండోది, మనకి ఎప్పటినుంచో తెలిసిన మిరప తామర పురుగు, స్కిర్టోథ్రిప్స్ డోర్సాలిస్. ఇది లేత పసుపు, పొట్ట పైన నడుమ ముదురు మచ్చలు వరసగా ఉంటాయి. పూల కంటే లేత చిగురాకుల్లో ఎక్కువ, ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటాయి. దీన్ని నల్ల తామర పురుగు మగవాటితో, పిల్లలతో పొరబడటం సులువు. అందుకే పిల్లలను, అంటే రెక్కలు లేని లేత పసుపు వాటిని, ఒక్కటే తీసి పంపితే ఎవరూ పేరు చెప్పరు, చెప్పినా నమ్మకండి. రెక్కలున్న పెద్దది కావాలి.

మూడోది, హాప్లోథ్రిప్స్ లాంటి గొట్టపు తోక రకాలు. ఇవి కూడా నల్లగానే, పూలలోనే ఉంటాయి. వీటి పొట్ట చివరి కణుపు సన్నని గొట్టంలా సాగి ఉంటుంది, రెక్కలు ముడిచినప్పుడు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. మొదటి రెండు రకాల్లో పొట్ట చివర శంకువులా కోసుగా ఉంటుంది, రెక్కలు పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. నల్లదైతే ఈ తేడా ఒక్క పొట్ట చివరి ఫోటోతో తేలిపోతుంది. ఇంత తేలికగా తేలే విషయం చాలా ఫోటోల్లో తోక కాగితం మడతలో పడిపోయి పోతుంటుంది, దాని మీద ప్రత్యేకంగా ఫోకస్ చేయమన్నది అందుకే.

నాలుగోది శత్రువు కాదు, మిత్రుడు. ఓరియస్ అనే చిన్న నల్లి జాతి పురుగు తామర పురుగులను పట్టి తింటుంది. పెద్దది సుమారు 2 మి.మీ., నలుపు తెలుపు కలిసిన రెక్కలు, గుడ్డు ఆకారం. పిల్లలు పసుపు నుంచి ఎర్రటి గోధుమ రంగు దాకా ఉంటాయి, కళ్లు ఎర్రగా కనిపిస్తాయి, తామర పురుగు కంటే వేగంగా పరుగెత్తుతాయి. తల కింద మడిచిన సూది లాంటి ముక్కు దీనికి గుర్తు, అది పైనుంచి కనపడదు. అందుకని ఒక పురుగును పక్కకి దొర్లించి పక్కనుంచీ, వెల్లకిలా వేసి కిందనుంచీ తప్పకుండా తీయండి. తామర పురుగులనుకుని వీటికి మందు కొడితే తర్వాత వారానికి తామర పురుగులు ఇంకా పెరుగుతాయి.

ఎర్రనల్లి, తెల్లనల్లి అనుమానం కూడా ఈ కింది వైపు ఫోటోతోనే పోతుంది. పెద్ద నల్లికి 8 కాళ్లు, రెక్కలు ఉండవు. పురుగుకి 6 కాళ్లు. మన వైపు రెండింటినీ నల్లి అనే అంటారు గానీ వాటికి కొట్టాల్సిన మందులు వేరు. కాబట్టి పేరు కంటే కాళ్ల లెక్క రాయండి.

మొత్తం మీద పురుగు ఫోటోలు ఇవీ: పైనుంచి నిండుగా, పొట్ట చివర, పక్కనుంచి, కిందనుంచి, నల్లది పసుపుది కలిపి, కొలతతో ఒకటి. కొలతకి నాణెం పెట్టకండి, దాని మందానికి పురుగు ఒక ఎత్తులో, నాణెం ఒక ఎత్తులో ఉండి ఒకటి మసకబారుతుంది. పిల్లల గ్రాఫ్ కాగితం తీసుకోండి. దాని చిన్న గడి 1 మి.మీ., పురుగును దాని మీదే పడుకోబెడితే కొలత ఫోటోలోనే ఉంటుంది. గ్రాఫ్ కాగితం రంగు గీతలు పురుగు రంగును చెడగొడతాయి కాబట్టి కొలతకి తప్ప మిగతా ఫోటోలకి దాన్ని వాడకండి.

పొలంలో తీయాల్సినవి తేలిక. మొక్క మొత్తం ఒకటి, చేను దూరం నుంచి ఒకటి, పురుగులతో విచ్చిన పూవు దగ్గరగా ఒకటి, దెబ్బతిన్న ఆకు పైవైపు, కింది వైపు చెరొకటి. ఆకు కింది వైపు మరచిపోకండి. నల్ల తామర పురుగు గీకిన ఆకు కింద ఎర్రటి గోధుమ రంగు గీతలు, పొక్కులు పడతాయి, పైన పసుపు మచ్చలు వస్తాయి. పైకి ముడుచుకుందా, కిందికి ముడుచుకుందా తెలిసేలా ఆకును పక్కనుంచి కూడా తీయండి. కిందికి ముడుచుకుంటే అది తెల్లనల్లి పని కావచ్చు.

రాయాల్సిన వివరం

"పురుగు బాగా ఉంది, ఏ మందు కొట్టాలి" అని రాస్తే నిపుణుడు మళ్లీ పది ప్రశ్నలు వేయాలి. ఆయన అడిగేవన్నీ ముందే రాసేయండి. మీ పొలానికి సరిపోయేలా ఒక నమూనా ఇస్తున్నాను, అంకెలు మార్చుకోండి:

> తేదీ డిసెంబరు 4, ఉదయం 9 గంటలు. గుంటూరు జిల్లా, మేడికొండూరు మండలం, నల్లరేగడి. మిరప, నాటి 85 రోజులు, పూత, కాయ దశ, 2 ఎకరాలు. రకం పేరు, విత్తన సంచి ఫోటో జత చేశాను.
> 10 మొక్కల నుంచి 10 పూలు కోసి లెక్కపెట్టాను: 6, 11, 0, 9, 14, 3, 8, 12, 7, 10. మొత్తం 80, పూవుకి సగటు 8.
> ఇందులో ఎక్కువ నల్లవి, సుమారు 1 మి.మీ., కొద్దిగా పసుపువి, ఇంకా చిన్నవి. నల్లవాటి కాళ్లు పసుపు. కాళ్లు 6. తాకితే పొట్ట పైకి వంచి గెంతుతున్నాయి.
> చిగురాకుల్లో విడిగా చూస్తే 10 చిగుళ్లలో 4 పసుపు పురుగులే ఉన్నాయి, నల్లవి లేవు.
> పూరేకులపై గోధుమ గీతలు, పూత రాలుతోంది. ఆకుల కింద ఎర్రటి గీతలు. పడమటి గట్టు వైపు ఎక్కువ, అటు పక్క చేనూ మిరపే.
> 12 రోజుల క్రితం ఒకసారి మందు కొట్టాను, సీసా చీటీ ఫోటో జత చేశాను. ఫోటోలు మందు కొట్టాక మిగిలిన వాటివి.
> నా అనుమానం నల్ల తామర పురుగు. కానీ ఖాయం కాదు.

దీంట్లో ఒక్కో ముక్క ఎందుకుందో చూడండి. పూవుకి 8 అన్న సగటుతో పాటు విడి అంకెలు రాసింది ఎందుకంటే, 0 నుంచి 14 దాకా ఉండటం పురుగు చేనంతా సమానంగా లేదని చెబుతుంది. చిగుళ్లలో నల్లవి లేవన్నది మొదటి రెండు జాతులను వేరు చేసే పెద్ద ఆధారం, ఎందుకంటే నల్ల తామర పురుగు పూలలో గుంపుగా చేరుతుంది, డోర్సాలిస్ చిగుళ్లను ఎంచుకుంటుంది. లేదు అన్న విషయం కూడా రాయాలి. రాయకపోతే మీరు చూడలేదో, చూసినా లేవో తెలియదు. అనుమానాన్ని చివర్లో, విడిగా పెట్టింది కావాలనే. పేరు మొదట్లోనే రాస్తే చదివేవాళ్ల కన్ను ఆ పేరుకి సరిపోయే గుర్తులనే వెతుకుతుంది.

మందు పేరు చెప్పేటప్పుడు "డబ్బా పైన నీలం గుర్తున్నది" అనకండి, చీటీ ఫోటో పెట్టండి. అందులో మందు సాంకేతిక నామం, శాతం ఉంటాయి. కంపెనీ పేరు కంటే అవే ముఖ్యం.

ఫోటోలను వాట్సాప్‌లో పంపేటప్పుడు క్లిప్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా జత చేయండి, అప్పుడు అసలు ఫైలే వెళ్తుంది. పిక్సెళ్లూ తగ్గవు, తీసిన తేదీ, సమయం కూడా ఫైలులోనే ఉంటాయి. పురుగు చుట్టూ ఎర్ర గీత గీసి, బాణం గుర్తు పెట్టి పంపితే ఆ గీత సరిగ్గా మీసం మీదే పడుతుంది. కత్తిరించిన ఫోటో పంపాలనిపిస్తే పంపండి గానీ కత్తిరించనిది కూడా జతగా ఉండాలి. పురుగు ఫోటోలు 8 నుంచి 10కి మించనివ్వకండి. 40 మసక ఫోటోల మధ్య ఒక్క మంచిది ఉంటే అది చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఫోటో ఎంత దాకా చెబుతుంది

పై గుర్తులన్నీ కుదిరినా, ఫోటో చూసిన నిపుణుడు "నల్ల తామర పురుగు కావచ్చు, చాలా వరకు అదే" అంటారు తప్ప "ఖాయంగా అదే" అనరు. అనకపోవడమే సరైన పద్ధతి. పూలలో ముదురు రంగుతో ఉండే తామర పురుగుల జాతులు ఇంకా ఉన్నాయి, పైనుంచి చూస్తే దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని విడదీసే గుర్తులు తలపై చిన్న కళ్ల దగ్గర వెంట్రుకలు ఎక్కడ మొలిచాయి, రెక్క నరం పైన వెంట్రుకల వరస తెగకుండా ఉందా, పొట్ట ఎనిమిదో కణుపు అంచున దువ్వెన పళ్ల లాంటి వరస ఉందా లేదా అనేవి. పార్విస్పినస్‌లో ఆ దువ్వెన ఉండదు. పురుగును మందుల్లో నానబెట్టి, పారదర్శకంగా చేసి, గాజు పలక మీద అతికించి సూక్ష్మదర్శినిలో చూస్తేనే ఇవి తెలుస్తాయి. ఏ ఫోన్‌కీ అందవు.

అందుకని ఫోటోలతో పాటు అసలు పురుగులనూ దాచిపెట్టండి. చిన్న ఇంజెక్షన్ సీసాలో 70 శాతం ఆల్కహాలు పోసి, అందులో 20 - 30 పెద్ద పురుగులు, నల్లవీ పసుపువీ కలిపి వేయండి. ఇన్నెందుకంటే మగా ఆడా రెండూ కావాలి, పలక మీద అతికించేటప్పుడు కొన్ని పాడవుతాయి, ఒకే పూవులో రెండు జాతులు కలిసి ఉండే అవకాశమూ ఉంది. 70 శాతం ఆల్కహాలున్న నీళ్ల లాంటి శానిటైజర్ పనికొస్తుంది, జిగురుగా ఉండేది పనికిరాదు. 90 శాతం దాటిన ఆల్కహాలు మంచిదనుకుని పోస్తే పురుగు గట్టిపడి, పలక మీద కాళ్లు, మీసాలు పరిచేటప్పుడు పుటుక్కున విరుగుతాయి. చిగుళ్లలో దొరికిన పసుపువాటికి రెండో సీసా.

చిన్న కాగితం ముక్క మీద తేదీ, ఊరు, పంట, పూలా చిగుళ్లా అన్నది పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగి కాగితం ఖాళీ అవుతుంది, బయట అంటించిన చీటీ ఊడిపోతుంది. ఆల్కహాలు మండే పదార్థం, పోస్టులో పంపకూడదు. మీకు లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం దగ్గరే, రైతు సేవా కేంద్రం ద్వారానో నేరుగానో చేతికే ఇవ్వండి. సీసాకి ఒక నంబరు వేసి, అదే నంబరు ఫోటోలతో పంపే సందేశంలో కూడా రాయండి. అప్పుడు సీసా ఒకరి బల్ల మీద, ఫోటోలు ఇంకొకరి ఫోన్‌లో ఉన్నా రెండూ ఒకే పొలానివని తెలుస్తుంది.